సిరిమాను ఫోటో పుస్తకం అట్టకి అడిగారు. ఇస్తాను, కానీ పేరు పోకుండా జవాబు ఎలా రాయాలి?

కోట జంక్షన్ (విజయనగరం)
నమస్కారమండి. నేను స్కూల్ టీచర్ని, ఫోటోలు తీయడం సరదా. మొన్న ఒక చిన్న ప్రచురణ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఉత్తరాంధ్ర జాతరల మీద వ్యాసాల పుస్తకం వేస్తున్నారట. డెమ్మీ సైజు, వెయ్యి కాపీలు. రెండేళ్ల కిందట పైడితల్లి పండక్కి మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీంచి తీసిన నా సిరిమాను ఫోటో ముఖచిత్రానికి కావాలన్నారు. డబ్బు ఇవ్వలేమట, "తగిన విధంగా క్రెడిట్ ఇస్తాం" అని రాశారు.

డబ్బు నాకూ అక్కర్లేదు. పేరు మాత్రం పోకూడదు. ఇదివరకు ఒకరు వాట్సాప్‌లో ఇదే ఫోటో అడిగితే "సరే, వాడుకోండి" అని పంపేశాను. తర్వాత అది పెద్ద ఫ్లెక్సీ మీద కనిపించింది. కింద మూలన "సౌజన్యం: గూగుల్" అని ఉంది! మా పిల్లలు ఇప్పటికీ నన్ను గూగుల్ టీచర్ అంటారు.

ఈసారి ఇలా రాద్దామనుకుంటున్నాను: "మీరు నా ఫోటో వాడుకోవచ్చు. దయచేసి నా పేరు వేయండి. కృతజ్ఞతలు." ఇది చాలుతుందా?

సెక్షన్లబ్బాయి
ముందు కాపీరైట్ రిజిస్టర్ చేయించారా మేడమ్? ఫోటో ఎప్పుడూ తీసినవాళ్లదే, అందులో డౌట్ లేదు. కానీ రిజిస్ట్రేషన్ లేకపోతే షరతులు పెట్టే హక్కు ఉండదు. ఆ పని అయ్యాకే జవాబు రాయండి.

గంటస్తంభం
నాకు తెలిసి గుడివాళ్లని అడగాలి. పండగ అమ్మవారిది, ఫోటోకి పర్మిషన్ ఎవరిస్తారు? ఈఓ ఆఫీసులో ఒక అర్జీ పెట్టుకోండి.

పాత నెగిటివ్ (శ్రీకాకుళం)
గంటస్తంభం గారూ, అనుమతి అడుగుతున్నది ఈ టీచరు గారు కాదు. ఆవిడ ఇచ్చేవారు. మళ్లీ ఒకసారి చదవండి.

సెక్షన్లబ్బాయి చెప్పిన రెండు మాటలూ సగం సగమే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఫోటో తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయిస్తే రేపు తగువొచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. ఇక "ఎప్పుడూ తీసినవాళ్లదే" అన్నది కూడా నిజం కాదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్లది. అందుకని టీచరు గారూ, ఒక్క ప్రశ్న. ఆ రోజు ఏ కమిటీ అయినా మీకు డబ్బిచ్చి తీయించిందా?

కోట జంక్షన్
లేదు మాస్టారూ. మా తోడికోడలి వాళ్ల మేడ అది. నా కెమెరా, నా సెలవు, నా ఎండదెబ్బ.

పాత నెగిటివ్
అయితే ఫోటో మీదే. నేను పాతికేళ్లు పేపర్లో ఫోటో డెస్క్ మీద పనిచేశాను. మీరు రాసుకున్న మూడు వాక్యాలకీ ఇటువైపు కూర్చున్నవాడు ఏం చేస్తాడో చెప్తాను.

"నా ఫోటో" అన్నారు. మీరు పెట్టిన సిరిమాను ఫోటోలు నాలుగైదు ఉండుంటాయి. వాళ్లకి నచ్చింది ఏదో అది తీసుకుంటారు, మిగతావి లోపలి పేజీల్లో సర్దుతారు. అదీ మీరు ఒప్పుకున్నట్టే.

"వాడుకోవచ్చు" అన్నారు. అట్ట మీదా? క్యాలెండర్ మీదా? వచ్చే ఏడాది ఆ సంస్థే సంచులు కుట్టించి వాటి మీద అచ్చేస్తే ఏమంటారు? ఇంకోటి, అనుమతి పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే దేశమంతా అనీ చట్టం తీసుకుంటుంది. 19వ సెక్షన్‌లో ఉంది ఆ మాట. 30ఏ వల్ల లైసెన్సులకి కూడా వర్తిస్తుంది. మీరు ఖాళీ వదిలితే చట్టం పూరిస్తుందన్నమాట.

అసలు గొడవంతా రెండో వాక్యంలో ఉంది. "దయచేసి నా పేరు వేయండి" అన్నది కోరిక. వాళ్లు వేయకపోయినా మీరు ముందు వాక్యంలోనే అనుమతి ఇచ్చేశారు, అది అలాగే ఉంటుంది. "కింద చెప్పినట్టు నా పేరు వేస్తేనే ఈ అనుమతి చెల్లుతుంది" అని రాస్తే అది షరతు. అప్పుడు పేరు లేకుండా అచ్చయిన ప్రతి కాపీ అనుమతి లేని కాపీ అవుతుంది. ఆ ఒక్క "వేస్తేనే" కోసమే ఈ ఉత్తరం.

పేరు చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు ఎటూ ఉంది, ఫోటో అమ్మేసినా పోదు. కానీ కోర్టుకెళ్లి తెచ్చుకునే హక్కు కన్నా ముందే రాసుకున్న లైను నయం. 2005లో ఢిల్లీ హైకోర్టు ఒక శిల్పి పక్షాన తీర్పిచ్చింది, విజ్ఞాన్ భవన్ గోడ మీద ఆయన చేసిన శిల్పం గురించి. ఆయన కేసు వేసింది 1992లో.

తోటపల్లి కాలువ
ఇంత తలనొప్పి ఎందుకండీ! క్రియేటివ్ కామన్స్ పెట్టేయండి. CC BY అని రాస్తే పేరు వేయడం తప్పనిసరి. అందరికీ ఒకటే రూలు, ఒక్కొక్కళ్లకీ ఉత్తరాలు రాయక్కర్లేదు. నా ఫోటోలన్నీ వికీమీడియా కామన్స్‌లో అలాగే ఉన్నాయి.

పాత నెగిటివ్
మంచిదే, మీరు తెలిసి ఇచ్చారు. కానీ అది ఈ ఒక్క పుస్తకానికి ఇవ్వడం కాదు, లోకానికి ఇవ్వడం. CC BY కింద సబ్బుల కంపెనీ కూడా వాడుకోవచ్చు, పేరేస్తే చాలు. అది వద్దని CC BY-NC పెడితే కామన్స్‌లో తీసుకోరు, పైగా పుస్తకం అమ్మేది కాబట్టి ఈ ప్రచురణకర్తకే అది పనికిరాకపోవచ్చు. ఒకసారి ఇచ్చాక ఇచ్చినవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవడమూ కుదరదు. టీచరు గారికి ఏం కావాలో ఆవిడ చెప్పాలి.

కోట జంక్షన్
నాకు ఈ పుస్తకం వరకే చాలు. సిరిమాను మీద పూజారి గారు కూర్చున్న ఫోటో సబ్బు డబ్బా మీద చూడలేను.

డీటీపీ అన్న (శ్రీకాకుళం)
నేను అవతలి పక్క వాణ్ని. పద్దెనిమిదేళ్లుగా పుస్తకాలకి పేజీలు కడుతున్నాను. పేరు ఎలా పోతుందో మా ఆఫీసులోంచి చెప్తా వినండి.

మీ ఉత్తరం ఎడిటర్ మెయిల్లో ఉంటుంది. అట్ట వేసేది నేను. నాకు వచ్చేది వాట్సాప్‌లో ఒక ఫోటో, "అన్నా, ఇది కవర్‌కి, అర్జెంట్" అని ఒక మెసేజ్. మీ షరతులు నాదాకా రావు. ముద్రణ వివరాల పేజీ అప్పటికే వారం కిందట అయిపోయి ఉంటుంది. అందులో "ముఖచిత్రం:" పక్కన పాత పుస్తకం నుంచి కాపీ అయిన పేరేదో ఉంటుంది. ఎవరూ దొంగలు కాదండీ, ఎవరూ చూడరు, అంతే.

కాబట్టి మీ పేరు ఫోటోతో పాటే ప్రయాణం చేయాలి. ఫైలు పేరులోనే పెట్టండి, `sirimanu_cover_PHOTO-CREDIT-MUST_Mee-Peru.jpg` లాగ. నాలాంటివాడు దాన్ని పేజీలో పెట్టేటప్పుడు కంటపడుతుంది. exiftool అనే ప్రోగ్రాంతో ఫైలు లోపల కూడా రాయొచ్చు:

```
exiftool -Artist="Mee Peru" -Copyright="Mee Peru" \
  -IPTC:Credit="Photo: Mee Peru, Vizianagaram" sirimanu.jpg
```

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఇదంతా ఊడిపోతుంది, సైజూ తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి.

ఇంతకీ ఫోటో అడ్డమా, నిలువా?

కోట జంక్షన్
అడ్డం. 6000 బై 4000. ఎడమ పక్క కింద సిరిమాను మొదలు, బండి, జనం. అక్కడ్నుంచి మాను ఏటవాలుగా లేచి కుడి పక్క పైమూలకి వెళ్తుంది, చివర పూజారి గారు. ఆయన తలకి జానెడు దూరంలో గాల్లో ఒక అరటిపండు. జనం విసురుతారు కదా, సరిగ్గా ఆ క్షణంలో పడింది. నాకు ఆ ఫోటోలో అదే ఇష్టం.

డీటీపీ అన్న
అదీ చిక్కు. డెమ్మీ అట్ట అయిదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు, నిలువు. మీ ఫోటో ఎత్తంతా వాడినా వెడల్పు 6000లో 2600 దాకానే పడుతుంది. సగం కూడా కాదు. మాను తెగుతుంది. పూజారి గారు ఉంటే బండి ఉండదు, బండి ఉంటే పూజారి గారు ఉండరు. మీరు "కత్తిరించకూడదు" అని గట్టిగా రాస్తే వాళ్లు వేరే ఫోటో వెతుక్కుంటారు.

వాళ్లకి ఒక మాట సూచించండి. ముందు అట్ట, వీపు, వెనక అట్ట కలిపి ఒకే ఫోటో పరవమనండి. వీపు అర అంగుళం అనుకుంటే మొత్తం పదకొండున్నర బై ఎనిమిదిన్నర. 6000లో 5400 పైచిలుకు పడుతుంది. పుస్తకం విప్పి బోర్లా పెడితే కుడి పక్క వచ్చేది ముందు అట్టే కాబట్టి పూజారి గారు ముందుకొస్తారు, బండీ జనమూ వెనక్కి వెళ్తారు. వెనక బార్‌కోడ్, నాలుగు మాటలు జనం మీద పడతాయి, ఫర్వాలేదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
నా గోడు కూడా వినండి. నేను బొమ్మలు వేస్తాను. తేలినీలాపురం గూడబాతులవి, ఎర్రకాళ్ల కొంగలవి వాటర్‌కలర్లు వేశాను. ఒక బడివాళ్లు అందులో ఒకటి గోడ మీద వేయించుకుంటామంటే సరేనన్నాను, "కింద నా పేరు ఉండాలి" అని రాసి మరీ ఇచ్చాను. వెళ్లి చూస్తే గోడ మీద పెయింటర్ తన పేరూ ఫోన్ నంబరూ రాసుకున్నాడు! అడిగితే "వేసింది నేనే కదమ్మా" అన్నాడు. అతనిదీ అబద్ధం కాదు, గోడెక్కింది అతనే. "మూలచిత్రం: ఫలానా, గోడపై వేసినది: ఫలానా" అని రెండు లైన్లూ నేనే రాసి ఇచ్చుంటే పోయేది.

ఇంకో సందేహం. నేను సవర బొమ్మల పద్ధతిలో కూడా కొన్ని వేశాను, నేను సవరని కాను. ఎవరైనా అది అడిగితే క్రెడిట్ ఎవరికివ్వమనాలి? నా పేరొక్కటే వేయించుకుంటే మనసొప్పట్లేదు.

పాత నెగిటివ్
అమ్మా, చట్టంలో మీరు గీసిన గీత మీది. పద్ధతి ఎవరిదంటే చట్టం దగ్గర సూటి జవాబు లేదు. "సవర చిత్రకళా రీతిలో" అని మీ పేరు కిందే రాయించండి, నాకు తోచింది అంతే. అది సరిపోతుందని మాత్రం అనను.

గంటస్తంభం
సరే, గుడి సంగతి వదిలేశాను. ఫోటోలో ఉన్న పూజారి గారి మాటేమిటి? ఆయన మొహం తెలుస్తుంది కదా. ఆయన్ని అడగొద్దా?

సెక్షన్లబ్బాయి
లక్షల మంది ముందు జరిగే ఊరేగింపు. అడగక్కర్లేదు.

డీటీపీ అన్న
పుస్తకం అట్ట వేరు, వార్త వేరు. ఊళ్లోవాళ్లే కదా, చెప్పి వేస్తే ఏం పోయింది?

కోట జంక్షన్
అడిగి వస్తాను, మా వీధికి దగ్గరే. చట్టం కోసం కాదు, రేపు ఎదురుపడితే మొహం చూపించాలి కదా.

ఇదిగో, రెండోసారి రాసింది. చూసి చెప్పండి.

"మీరు ముఖచిత్రానికి అడిగిన ఫోటో, జతచేసినది ఒక్కటే, నేను సొంతంగా తీసింది. జాతరల వ్యాసాల మీ పుస్తకం అచ్చు ప్రతికి, మొదటి ముద్రణ 1000 కాపీలకి, అట్ట మీద వాడుకోవడానికి రుసుము లేకుండా అనుమతి ఇస్తున్నాను. హక్కు నాదగ్గరే ఉంటుంది, ఇతరులకూ నేను ఇవ్వవచ్చు. మీరు మాత్రం వేరొకరికి ఇవ్వకూడదు.

వెనక అట్ట కింది భాగంలోనూ ముద్రణ వివరాల పేజీలోనూ 'ముఖచిత్రం ఫోటో: (నా పేరు), విజయనగరం' అని ఉన్నదున్నట్టు వేస్తేనే ఈ అనుమతి చెల్లుతుంది. 'సౌజన్యం' అన్న మాట వద్దు.

అట్ట కొలతకి అవసరమైనంత కత్తిరించవచ్చు, మాను చివర ఉన్న పూజారి మాత్రం పూర్తిగా కనిపించాలి. మీద అక్షరాలు వేయవచ్చు. ఫోటోలో ఉన్నది తీసేయడం, లేనిది చేర్చడం, రంగులు మార్చడం చేయకూడదు. ప్రెస్సుకి పంపే ముందు అట్ట, వివరాల పేజీ పీడీఎఫ్ నాకు చూపించాలి, రెండు రోజుల్లో జవాబిస్తాను. పుస్తక ప్రచారానికి అట్ట మొత్తం బొమ్మగా వాడుకోవచ్చు, అక్కడ విడిగా పేరు అక్కర్లేదు. విడి ఫోటో వాడకూడదు. రెండు కాపీలు పంపగలరు. ఒప్పుకుంటే ఈ మెయిల్‌కి 'అంగీకారం' అని జవాబివ్వండి, పూర్తి సైజు ఫైలు అప్పుడు పంపుతాను."

పాత నెగిటివ్
బాగుంది. "సౌజన్యం" వద్దనడం మరీ బాగుంది. ఆ మాటతో ఫోటో ఇచ్చినవాడి పేరు పడుతుంది, తీసినవాడిది పోతుంది. ఒకటి కలపండి: పొరపాటున పేరు పడకపోతే మిగిలిన కాపీల మీద వాళ్ల ఖర్చుతో స్టిక్కర్ వేయాలి. కాపీలన్నీ వెనక్కి తెప్పించమంటే ఏ చిన్న సంస్థా చేయలేదు, స్టిక్కర్ చేయగలదు.

డీటీపీ అన్న
"మొదటి ముద్రణ 1000" దగ్గర నాకు తేడా ఉంది. ఈ రోజుల్లో చిన్నవాళ్లు మూడొందలు వేసి, అమ్మాక మళ్లీ రెండొందలు వేస్తారు. ప్రతిసారీ మిమ్మల్ని అడగాలంటే ఎవరూ అడగరు, ఊరికే మీ మాట తప్పుతారు. "అట్ట మారనంతవరకు ఎన్ని ముద్రణలైనా" అని రాయండి.

పాత నెగిటివ్
నేనొప్పుకోను. సంఖ్య రాస్తేనే లెక్క ఉంటుంది. పుస్తకం బాగా అమ్మితే రెండో ముద్రణకి ఆవిడ డబ్బు అడగాలనుకోవచ్చు కదా?

కోట జంక్షన్
నాకు అడగాలని లేదు మాస్టారూ. డీటీపీ అన్న మాటే పెట్టుకుంటాను. స్టిక్కర్ మీది, ముద్రణలు ఆయనవి. పంపేస్తున్నా.

కోట జంక్షన్ (తొమ్మిది రోజుల తర్వాత)
"అంగీకారం" అని రెండో రోజే వచ్చింది. పూజారి గారు కూడా నవ్వి సరే అన్నారు, ఒక కాపీ ఆయనకి కావాలట. అట్ట ముందూ వెనకా కలిపి పరచడం ప్రచురణకర్తకి భలే నచ్చింది.

ఇవాళ ప్రూఫ్ వచ్చింది. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పేరు రెండు చోట్లా ఉంది, కానీ ఇంటిపేరు అక్షరం వెనక అట్ట మీద "వి", లోపలి పేజీలో "బి". వెనక అట్ట మీద లైను నల్లటి జనం మీద ముదురు ఎరుపు అక్షరాలతో ఉంది, వేలు పెట్టి వెతికితేనే దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అరటిపండు లేదు! అడిగితే డిజైనర్ "ఏదో పసుపు మచ్చ మేడమ్, క్లీన్ చేశాను" అన్నాడు. హైదరాబాద్ అబ్బాయి, పాపం ఎప్పుడూ పండగకి రాలేదు.

డీటీపీ అన్న
నేనైనా అదే చేసేవాణ్నేమో. లెన్స్ మీద మరక అనుకుంటాం. అందుకే షరతు రాయడంతో పాటు "అది అరటిపండు, తీయొద్దు" అని ఒక ముక్క ఫైలుతో పంపాల్సింది. క్రెడిట్ లైను తెల్ల అక్షరాల్లో, 8 పాయింట్లకి తగ్గకుండా వేయమనండి.

నాగావళి గట్టు
ప్రూఫ్ షరతు లేకపోతే వెయ్యి అట్టల మీద పండు లేకుండా వెళ్లిపోయేది. నేను గోడ ప్రూఫ్ ఎలా అడగాలో ఆలోచిస్తున్నా. రంగు వేసేముందు సుద్దముక్కతో పేరు రాసి ఫోటో పంపమంటే?

డీటీపీ అన్న
అదే ప్రూఫ్.

కోట జంక్షన్
రెండో ప్రూఫ్ ఇప్పుడే వచ్చింది. రెండు చోట్లా "వి", అక్షరాలు తెల్లగా, పండు యథాస్థానంలో. సరేనని రాసేశాను. ఆ మెయిల్ చివర్న వాళ్లు ఇంకో మాట అడిగారు: ఈబుక్ కూడా పెడుతున్నాం, అదే అట్ట కాబట్టి మళ్లీ అడగక్కర్లేదు కదా అని. అక్కర్లేదా మాస్టారూ?

పాత నెగిటివ్
మీ ఉత్తరంలో "అచ్చు ప్రతికి" అని ఉంది. కాబట్టి అడగాలి, వాళ్లు అడిగారు కూడా, మంచివాళ్లే. ఈబుక్‌కి వెనక అట్ట ఉండదు, అక్కడి మీ లైను పోతుంది. ముందు అట్టే పెడితే ఫోటో మళ్లీ సగానికి తెగుతుంది. అట్ట తర్వాత వచ్చే మొదటి పేజీలోనే పేరు వేయమని రెండు లైన్లు విడిగా రాయండి.

కోట జంక్షన్
రాస్తున్నాను. పండు సంగతి కూడా.